ఇంటివారి సంరక్షణ కోసం ఆగిన ఉద్యోగం: ‘అదనపు సమాచారం’ గడిలో ఏమి రాయాలి

ఆన్‌లైన్‌లో ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారికి ఆ గడి బాగా తెలుసు. పేరు, చదువు, పాత ఉద్యోగాలు, ఏ నెల నుంచి ఏ నెల వరకు అన్న తేదీలు, రెజ్యూమె, అన్నీ ఇచ్చాక దాదాపు చివర్లో ఖాళీగా ఒక పెట్టె ఉంటుంది. పైన ‘అదనపు సమాచారం’ అని ఉంటుంది, పక్కన తప్పనిసరి అని చెప్పే నక్షత్రపు గుర్తు ఉండదు. అంటే నింపకపోయినా దరఖాస్తు వెళ్లిపోతుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. మామగారికో, తల్లికో, బిడ్డకో సేవ చేయడానికి ఐదారేళ్లు ఉద్యోగం మానేసి ఇప్పుడు తిరిగి రావాలనుకునేవారికి మాత్రం ఆ దరఖాస్తు మొత్తంలో సొంత మాటతో మాట్లాడగలిగిన చోటు అదొక్కటే. మిగతా గడులన్నీ తేదీలు అడుగుతాయి. ఆ తేదీల మధ్య ఎందుకు ఖాళీ ఉందో ఏ గడీ అడగదు.

అడగలేదు కాబట్టి చెప్పనక్కరలేదని కొందరు, చెబితే బలహీనత బయటపడుతుందని మరికొందరు అనుకుంటారు. దీనిమీద జరిగిన పరిశోధనలు పైకి చూస్తే ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. ముందు ఆ చిక్కు విప్పుకుంటే, గడిలో ఏమి రాయాలో తేలికగా తెలుస్తుంది.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోనీ హెర్ష్, జెన్నిఫర్ షినాల్ అనే ఇద్దరు ఆచార్యులు 3 వేల మందికి పైగా వ్యక్తులను యజమానుల స్థానంలో ఊహించుకోమని, ఉద్యోగంలోకి తిరిగి రాదలచిన మహిళల దరఖాస్తుల మధ్య ఎంచుకోమని అడిగారు. ఖాళీకి కారణం చెప్పిన అభ్యర్థినినే ఎక్కువమంది కోరుకున్నారు. కారణం ఏదైనా సరే, ఏమీ చెప్పకుండా వదిలేసిన దానికన్నా అదే నయమని తేలింది. ఖాళీని చూసిన మనిషి దాన్ని ఖాళీగా ఉంచుకోడు. తొలగించారేమో, ఎక్కడా కుదురుకోలేదేమో, ఇంకేదో దాస్తున్నారేమో అని తనే ఒక కథ అల్లుకుంటాడు. ఆ కథ మన అసలు కారణం కన్నా దాదాపు ఎప్పుడూ అధ్వానంగానే ఉంటుంది.

ఇంతవరకు చూస్తే కారణం చెప్పేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అదే దేశంలో కేట్ వైస్‌షార్ అనే సామాజిక శాస్త్రవేత్త నిజమైన ఉద్యోగ ప్రకటనలకు కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. ఆమె ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న తల్లులకు 15.3 శాతం దరఖాస్తులకు పిలుపు వచ్చింది. ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న తల్లులకు 9.7 శాతం. పిల్లల కోసం తామే ఉద్యోగం మానేశామని తెలిపిన తల్లులకు 4.9 శాతం మాత్రమే. తండ్రుల విషయంలోనూ వరస అదే: 14.6, 8.8, 5.4. అంటే ఇంటి కోసం ఆగామని చెప్పినవారు, కంపెనీ తీసేసినవారి కన్నా వెనుకబడ్డారు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమయ్యేది ఇది. కారణం చెప్పడం అవసరమే, కానీ కారణం ఒక్కటే చెబితే చదివేవారి మనసులో రెండో ప్రశ్న పుడుతుంది: ‘ఒకసారి ఇంటిని ఎంచుకున్న మనిషి, మళ్లీ అవసరం వస్తే మళ్లీ వెళ్లిపోరా?’ ఉద్యోగం పోయినవారి మీద ఈ అనుమానం రాదు, ఎందుకంటే వాళ్లు తమంతట తాము వెళ్లలేదు. సంరక్షణ కోసం ఆగినవారి దరఖాస్తు దెబ్బతినేది సామర్థ్యం దగ్గర కన్నా నిబద్ధత దగ్గరే. ఆ అనుమానం న్యాయమైనది కాదని నేను గట్టిగా నమ్ముతాను. మన ఇళ్లలో మంచం పట్టిన మనిషిని ఎవరో ఒకరు చూసుకోవలసిందే, ఆ ఒకరు ఎవరన్నది చాలాసార్లు ఇంట్లో ఎవరూ అడగకుండానే తేలిపోతుంది. భారత ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంట్లోవారికి జీతం లేని సంరక్షణ చేసే ఆడవారు రోజుకు 134 నిమిషాలు, మగవారు 76 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. ఇంటిపని ఇందులో కలపలేదు, అది వేరే లెక్క. అయినా అన్యాయమైన అనుమానానికి కూడా ఆ చిన్న గడిలోనే జవాబు ఇవ్వాలి, వాదన పెట్టుకోవడానికి అక్కడ చోటు లేదు.

కాబట్టి ఆ గడిలోని రాత మూడు విషయాలకు జవాబు చెబితే చాలు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎందుకు ఆగారు? ఆ కారణం ముగిసిందా? ఇప్పుడు పని చేతిలో ఉందా? మొదటిదానికి ఒక వాక్యం, రెండోదానికి అర వాక్యం చాలు. మిగిలిన చోటంతా మూడోదానికే ఇవ్వాలి. నేను చూసిన రాతల్లో ఎక్కువ భాగం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటాయి.

ఒక అకౌంటెంటు దరఖాస్తు

ఒక ఉదాహరణను పూర్తిగా పట్టి చూద్దాం. హైదరాబాదులోని ఒక ఔషధ తయారీ సంస్థ ఖాతాల విభాగంలో 2011 జూలై నుంచి 2018 జూన్ వరకు ఏడేళ్లు పనిచేసిన ఎం.కాం. పట్టభద్రురాలు అనుకోండి. మామగారికి పక్షవాతం రావడంతో ఉద్యోగం మానేశారు. 2024 మార్చిలో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత కొన్ని నెలలు కొత్త పద్ధతులు నేర్చుకుని, సెప్టెంబర్ నుంచి ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర రోజుకు కొన్ని గంటలు పనిచేస్తున్నారు. 2025 జనవరిలో ఒక కంపెనీలో సీనియర్ అకౌంటెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నారు. ఇలాంటి దరఖాస్తు నిజంగా ఇంగ్లీషులోనే వెళుతుంది. కానీ విషయం ముందు మన భాషలో తేల్చుకుంటే అనవసరమైన మాట ఏదో వెంటనే తెలిసిపోతుంది, కనుక ఇక్కడ తెలుగులోనే రాసి చూపిస్తున్నాను.

ఇలాంటివారు మొదటిసారి కూర్చుని రాస్తే, మనసులో ఉన్నదంతా ఇలా వస్తుంది:

> గౌరవనీయులకు నమస్కారం. 2018లో మా మామగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మా అత్తగారు షుగరుతో బాధపడుతున్నందువల్ల ఆయనను చూసుకునేవారు లేక, నాకు ఎంతో ఇష్టమైన ఉద్యోగాన్ని తప్పనిసరి పరిస్థితుల్లో వదులుకోవలసి వచ్చింది. ఆయన గత ఏడాది కాలం చేశారు. ఈ ఆరేళ్లలో ఓర్పు, సమయపాలన, ఒత్తిడిని తట్టుకోవడం నేర్చుకున్నాను. ఇన్నేళ్ల ఖాళీ ఉన్నందుకు మన్నించి ఒక్క అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను. జీతం ఎంతైనా ఫరవాలేదు.

ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చదివితే మనసు కదులుతుంది. కానీ ఖాతాల విభాగం అధిపతి దీన్ని చదివాక ఆయనకు తెలిసినదేమిటి? మామగారి శరీరంలో ఏ భాగం పనిచేయలేదో తెలిసింది. అత్తగారి జబ్బు తెలిసింది, పైగా ఆమె ఇంకా ఉన్నారు కాబట్టి రేపు ఆమెకోసం మళ్లీ సెలవు పెడతారేమోనన్న ఆలోచన కూడా వచ్చింది. ఈ అభ్యర్థి జీఎస్టీ రిటర్ను వేయగలరా అన్నది మాత్రం తెలియలేదు.

తేదీల సంగతి చూడండి. ‘2018లో’, ‘గత ఏడాది’, ‘ఆరేళ్లలో’ అన్నీ ఉజ్జాయింపులే. పైన ఉద్యోగాల గడిలో నెలలతో సహా తేదీలు ఉన్నప్పుడు కింద ఉజ్జాయింపుగా రాస్తే, చదివేవారు వేళ్లమీద లెక్కపెట్టుకోవాలి. లెక్కపెట్టుకుంటే ఐదేళ్ల తొమ్మిది నెలలే వస్తాయి, పైగా 2024 మార్చి తర్వాత ఏమి చేశారో లేనే లేదు. ఓర్పు, సమయపాలన గురించిన వాక్యం కూడా నిజమే కావచ్చు. మందుల వేళలు తప్పకుండా ఐదేళ్లు నడిపిన మనిషికి సమయపాలన రాదని ఎవరంటారు? కానీ ఆ మాటలను ప్రతి దరఖాస్తులోనూ ప్రతివారూ రాస్తారు కాబట్టి, ఇక్కడ నిజంగా సంపాదించుకున్నది కూడా అరువు తెచ్చుకున్నట్టే వినిపిస్తుంది.

ఇక చివరి రెండు వాక్యాలు. మన్నించమని అడగడంతో, చదివేవారికి అంతవరకు తప్పుగా తోచనిది కూడా తప్పుగా తోస్తుంది. జీతం ఎంతైనా ఫరవాలేదు అన్నాక ఏడేళ్ల అనుభవానికి విలువ కట్టమని అడిగే దారి మూసుకుపోతుంది. ఈ రెండూ తీసేయమని నేను ఎవరికైనా మొట్టమొదట చెబుతాను.

అదే అభ్యర్థి, అవే నిజాలతో, ఇలా రాయవచ్చు:

> 2018 జూలై నుంచి 2024 మార్చి వరకు కుటుంబంలో ఒక పెద్దవారి సంరక్షణ కోసం ఉద్యోగ విరామం తీసుకున్నాను. ఆ బాధ్యత ముగిసింది. అంతకుముందు ఏడేళ్లు ఔషధ తయారీ సంస్థ ఖాతాల విభాగంలో పనిచేశాను. వ్యాట్ నుంచి జీఎస్టీకి మారిన తొలి ఏడాది రిటర్నులు, పాత క్రెడిట్ బదిలీ నేనే చూశాను. 2024 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఈ-ఇన్‌వాయిస్, జీఎస్టీఆర్-2బీ సరిపోలిక, టాలీ ప్రైమ్ నేర్చుకున్నాను. సెప్టెంబర్ నుంచి ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ కార్యాలయంలో పార్ట్‌టైమ్‌గా పన్నెండు మంది వ్యాపారుల నెలవారీ రిటర్నులు తయారుచేస్తున్నాను. కార్యాలయానికి వచ్చి పూర్తికాలం పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను. నెల రోజుల్లో చేరగలను.

మామగారి జబ్బు పేరు పోయింది. అది ఆయన సొంత విషయం, కంపెనీ దస్త్రంలో ఉండవలసినది కాదు. ‘కుటుంబంలో ఒక పెద్దవారి సంరక్షణ’ అన్నంతలోనే చదివేవారికి కావలసినది అందింది. మరణం గురించి కూడా చెప్పలేదు. ‘ఆ బాధ్యత ముగిసింది’ అన్న మూడు మాటలే వైస్‌షార్ ప్రయోగంలో బయటపడిన అనుమానానికి సూటి జవాబు. ఈ రాత మొత్తంలో ఒక్క ముక్కే ఉంచుకోమంటే నేను దాన్నే ఉంచుతాను. ఆశ్చర్యమేమిటంటే, ఎక్కువమంది వదిలేసేది కూడా దాన్నే. రాసేవారికి అది ఎంతగా తెలిసిన విషయమంటే, చదివేవారికి తెలియదన్న సంగతే గుర్తుకు రాదు.

పాత అనుభవాన్ని కూడా ఊరికే ఏడేళ్లు అని వదిలేయలేదు. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. ఆమె 2018 జూన్ వరకు ఉన్నారు. అంటే ఆ మార్పు జరిగిన మొదటి ఏడాది అంతా ఆమె కుర్చీలోనే ఉన్నారు. పాత వ్యాట్, ఎక్సైజు క్రెడిట్లను కొత్త పద్ధతిలోకి మార్చుకున్న ఆ ఏడాది పని ఎంత చిక్కో ఖాతాల విభాగంలో ఎవరికైనా గుర్తుంటుంది. విరామానికి ముందు చేసిన పనిలో ఇలాంటి ఒక్క గట్టి ముక్క వెతికి పెట్టుకుంటే, ఆ అనుభవం పాతబడినట్టు అనిపించదు.

కొత్తగా నేర్చుకున్నవాటిని చెప్పిన వాక్యమే ఈ రాతకు వెన్నెముక. విరామంలో ఉన్నవారిని చూసి నిజంగా భయపడవలసిన విషయం ఒకటుంది: ఈలోగా పని మారిపోవడం. ఖాతాల పనిలో అది చాలా మారింది. 2018లో కొనుగోలు బిల్లు చేతిలో ఉంటే పన్ను క్రెడిట్, అంటే కొనుగోలుపై కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు, తీసుకునేవారు. 2020 ఆగస్టు నుంచి జీఎస్టీఆర్-2బీ అనే నెలవారీ పట్టిక వచ్చింది. 2022 జనవరి నుంచి, సరఫరాదారు తన రిటర్నులో ఆ బిల్లు చూపించి, అది మన 2బీలో కనిపిస్తేనే క్రెడిట్. కాబట్టి ఈ రోజు ఖాతాల విభాగంలో నెలలో పెద్ద పని, కొనుగోలు పుస్తకాన్ని 2బీతో సరిపోల్చి, బిల్లు చూపించని సరఫరాదారుల వెంట పడటమే. బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ పద్ధతి 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, మెట్టుమెట్టుగా దిగి 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన సంస్థలకు కూడా తప్పనిసరి అయింది. 2018 జూన్‌లో కంప్యూటర్ కట్టేసి వెళ్లినవారికి ఈ రెండూ తెలియవు. అందుకే ‘కొత్త విషయాలు నేర్చుకున్నాను’ అని కాకుండా, వాటినే పేరుపెట్టి చెప్పాలి. ఆ పేర్లు చూడగానే, ఏమి మారిందో ఈ మనిషికి తెలుసని చదివేవారు గ్రహిస్తారు.

పని ఏదైనా పద్ధతి ఇదే. మీరు వదిలిన రోజుకూ ఈ రోజుకూ మధ్య మీ కుర్చీలో ఏమి మారిందో, ఆ కుర్చీలో ఇప్పుడున్న పాత సహోద్యోగిని ఒక గంట అడగండి. వచ్చిన జవాబులో రెండో మూడో పేర్లు తీసుకుని, వాటిని నిజంగా నేర్చుకోండి. నేర్చుకోకుండా గడిలో రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అప్పుడు విరామం గురించి చెప్పిన నిజం మీద కూడా నీడ పడుతుంది.

ఏప్రిల్ నుంచి ఆగస్టు అని తేదీలు ఇవ్వడం కూడా ఊరికే కాదు. బాధ్యత మార్చిలో ముగిసి పని సెప్టెంబర్‌లో మొదలైతే, మధ్యలో ఐదు నెలలు ఇంకో చిన్న ఖాళీ ఉంది. పెద్ద ఖాళీకి కారణం చెప్పి చిన్నదాన్ని వదిలేస్తే కళ్లు దానిమీదే పడతాయి.

గడి ఒక్కటే సరిపోని చోటు

ఎంత బాగా రాసినా, ఆ రాతను మనిషి చదివినప్పుడే దానికి విలువ. హార్వర్డ్ బిజినెస్ స్కూలు, యాక్సెంచర్ కలిసి 2021లో వెలువరించిన ఒక నివేదిక అమెరికా, బ్రిటన్, జర్మనీ కంపెనీల నియామక పద్ధతులను పరిశీలించింది. వాటిలో దాదాపు సగం, ఆరు నెలలకు మించి ఖాళీ ఉన్న దరఖాస్తులను ముందే పక్కన పెడుతున్నాయని తేలింది. అలాంటి జల్లెడ తేదీలను చూస్తుంది, చివరి గడిలోని మాటలను చూడదు.

దీనికి పూర్తి మందు లేదు. కానీ ఒక పని చేయవచ్చు. ఉద్యోగాల వరసలోనే ఆ కాలానికి ఒక పంక్తి చేర్చండి: పదవి ఉండవలసిన చోట ‘ఉద్యోగ విరామం, కుటుంబ సంరక్షణ’, పక్కన నెలలతో తేదీలు. రెజ్యూమెలోనూ అలాగే పెట్టండి. లింక్డ్‌ఇన్ 2022లో ప్రొఫైల్ అనుభవ విభాగంలో ఉద్యోగ విరామాన్ని చేర్చుకునే ఏర్పాటు తెచ్చింది, అందులో సంరక్షణ కూడా ఒక కారణంగా ఉంది. ఈ మూడు చోట్లా తేదీలు ఒకటిగా ఉండాలి. వివరమంతా ఆ పంక్తిలో కుక్కనక్కరలేదు, దానికి చివరి గడి ఉంది.

రెజ్యూమె తల భాగంలో అనుభవాన్ని సంవత్సరాల్లో చెప్పడం కూడా పనికొస్తుంది. బ్రిటన్‌లో 9 వేలకు పైగా దరఖాస్తులతో జరిగిన ఒక ప్రయోగంలో, ఉద్యోగాల పక్కన తేదీలకు బదులు ఎన్నేళ్లు చేశారో రాసిన రెజ్యూమెలకు, ఖాళీ కనిపించే రెజ్యూమెల కన్నా సుమారు 15 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి. మన దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు ఎటూ తేదీలు అడుగుతాయి, తర్వాత పరిశీలన కూడా తేదీలతోనే జరుగుతుంది. కాబట్టి వాటిని తీసేయమని నేను చెప్పను. పై వరసలో ‘ఖాతాలు, పరోక్ష పన్నుల్లో ఏడేళ్ల అనుభవం’ అని పెట్టి, తేదీలను కింద వాటి చోట ఉంచితే చాలు.

ఆ పరిశీలన గురించి కొంచెం చెప్పాలి. మంచి రాత రాసినవారు కూడా అక్కడ ఇబ్బంది పడటం చూశాను. ఉద్యోగం ఖాయమయ్యాక కంపెనీ పాత వివరాలను సరిచూపిస్తుంది. మీరు గడిలో రాసిన తేదీని పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్‌తో, పీఎఫ్ ఖాతాలోని సర్వీసు చరిత్రతో పోలుస్తారు. మానేసిన తేదీని పాత సంస్థ పీఎఫ్ వెబ్‌సైటులో నమోదు చేయకపోవడం తరచూ జరిగేదే. అప్పుడు ఆ దస్త్రం ప్రకారం మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు ఉంటుంది. మీ రాత ఒకటి చెబితే దస్త్రం ఇంకొకటి చెబుతుంది. అదృష్టవశాత్తు 2020 జనవరి నుంచి ఆ తేదీని సభ్యులే నమోదు చేసుకోవచ్చు. యూఏఎన్ ఖాతాలోకి వెళ్లి, ఆధార్‌తో అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓటీపీతో ఆ పని పూర్తవుతుంది. ఆఖరి చందా జమైన నెల తర్వాత రెండు నెలలు గడిచి ఉండాలి, తేదీ కూడా ఆ ఆఖరి చందా నెలలోనిదే అయి ఉండాలి. దరఖాస్తులు మొదలుపెట్టకముందే ఇది చూసుకోవడం మంచిది. గడిలో రాసే తేదీని కూడా జ్ఞాపకం నుంచి కాక ఈ కాగితాల నుంచే తీసుకోండి.

విరామంలో చిన్నాచితకా పని చేసినవారికి ఇంకో ప్రశ్న వస్తుంది. బంధువుల దుకాణం లెక్కలు చూశాను, అది రాయాలా? నిజంగా క్రమం తప్పకుండా చేసి ఉంటే, ఎవరైనా ఫోను చేసి అడిగితే ఆ దుకాణదారు అవునని చెప్పగలిగితే రాయండి. పండుగకు వెళ్లినప్పుడు ఓసారి చూసినదాన్ని సలహాదారు ఉద్యోగంగా పెంచి రాయకండి. ఖాళీ కనిపించకుండా చేయాలన్న ఆత్రంలో చేసే ఈ పనివల్ల, దాచవలసిన అవసరం లేని విరామం కూడా దాచినట్టు అవుతుంది.

బాధ్యత ఇంకా ముగియకపోతే

పైన తీసుకున్న ఉదాహరణలో బాధ్యత ముగిసింది. అందరికీ అలా ఉండదు. తల్లికి మతిమరుపు జబ్బు, బిడ్డకు ఎదుగుదల లోపం, ఇవి ఒక తేదీతో ఆగిపోయేవి కావు. అలాంటప్పుడు ‘ముగిసింది’ అని రాయడం అబద్ధం, రెండో నెలలోనే అది బయటపడుతుంది. కానీ చదివేవారు నిజంగా అడుగుతున్నది జబ్బు నయమైందా అని కాదు, మీ పనివేళలకు ఎవరు హామీ అని. దానికి జవాబు ఉంటే అదే రాయాలి: ‘2024 జూన్ నుంచి పగటివేళ సంరక్షణకు శాశ్వత ఏర్పాటు ఉంది, పూర్తికాలం పనిచేయగలను.’ సహాయకురాలు వస్తున్నారా, చెల్లెలు ఇంట్లో ఉంటోందా, బిడ్డ రోజంతా ప్రత్యేక పాఠశాలలో ఉంటున్నాడా అన్నవి చెప్పనక్కరలేదు.

అలాంటి ఏర్పాటు ఇంకా కుదరకపోతే, ముందు దాన్ని కుదుర్చుకుని తర్వాత దరఖాస్తు పెట్టమనే నా సలహా. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అయితే పొద్దున తొమ్మిదికి కుర్చీలో ఉండాల్సిన ఉద్యోగంలో చేరి, మొదటి నెలలోనే సెలవుల కోసం తలవంచుకోవలసి వస్తే, రెండోసారి బయటకు రావలసి వస్తుంది. ఆ రెండో విరామాన్ని వివరించడం మొదటిదానికన్నా చాలా కష్టం. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని కావాలన్న కోరిక ఉంటే, అది ఇంటర్వ్యూలో మాట్లాడుకోవలసిన షరతు. ఈ గడిలో పెట్టకండి.

మగవారికి కూడా ఈ రాత అక్షరం మారకుండా పనికొస్తుంది. తండ్రి కోసం ఉద్యోగం మానేసిన కొడుకులు మన ఊళ్లలో లేకపోలేదు. వాళ్లు సంరక్షణ అని రాయడానికి వెనుకాడి ‘సొంత వ్యాపార ప్రయత్నం’ అని రాసుకోవడం చూశాను. వ్యాపారం అనగానే జీఎస్టీ నంబరు, ఆదాయపు పన్ను రిటర్ను అడుగుతారు. లేని వ్యాపారానికి కాగితాలు ఎక్కడి నుంచి తెస్తారు?

విరామం తీసుకున్నవారిని దృష్టిలో పెట్టుకున్న దారులు కూడా కొన్ని ఉన్నాయి. కుటుంబ కారణాలతో పరిశోధన ఆపిన మహిళలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వైజ్-కిరణ్ పేరుతో పథకాలు నడుపుతోంది. టాటా గ్రూపు 2008లోనే, ఉద్యోగం ఆపిన మహిళల కోసం రెండో కెరీర్ ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టింది. వీటికి దరఖాస్తు చేసేటప్పుడు రాత తీరు మారుతుంది. అక్కడ ఖాళీ ఉండటం ముందే ఊహించినది కాబట్టి దాని గురించి నచ్చచెప్పే అవసరం లేదు. విరామం కచ్చితంగా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఒక్క వాక్యంలో చెప్పి, మిగతా చోటంతా చేయబోయే పనికే ఇవ్వవచ్చు.

చివరగా గడిలో అతికించే పద్ధతి. చాలా గడుల్లో అక్షరాల పరిమితి ఉంటుంది, అది కొన్నిసార్లు గడి కింద చిన్న అంకెలో కనిపిస్తుంది, కొన్నిసార్లు కనిపించదు. కనిపించనిచోట చివరి వాక్యం తెగిపోయి వెళ్లవచ్చు. అందుకే రాతను ముందు వేరే ఫైలులో రాసుకుని, ఇంగ్లీషులో వంద పదాలకు మించకుండా చూసుకుని, అతికించాక ముందస్తు చూపులో చివరి పదం వరకు ఉందో లేదో చూడండి. నక్షత్రపు గుర్తులు, మందపాటి అక్షరాలు పెట్టకండి, చాలా గడుల్లో అవి చెదిరిపోతాయి. పంపిన రాతను, తేదీ వేసి, ఏ కంపెనీకి పంపారో రాసి దాచుకోండి. ఎంపికయ్యాక వచ్చే పరిశీలన పత్రంలో ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు, అప్పుడు ఆ ఫైలు తెరిచి అవే తేదీలు, అవే మాటలు నింపవచ్చు.